జర్నల్ ఎడిటర్‌కి కవర్ లెటర్: బతుకమ్మ మీద ఆర్టికల్, "కాంట్రిబ్యూషన్" "ఫిట్" అనేవి ఎట్ల రాయాలె?

తంగేడుపువ్వు
ఆర్టికల్ అయిపోయింది, లెటర్ కాడ ఆగిన. టాపిక్ బతుకమ్మ పండుగ ఎట్ల మారింది, 2014ల రాష్ట్ర పండుగ అయినంక ఏమైంది అని. జనగామ దిక్కు రెండు ఊర్లల్ల ఫీల్డ్‌వర్క్. ఏషియన్ ఎత్నాలజీకి పంపుదామనుకుంటున్న, జపాన్‌ల నాన్జాన్ యూనివర్సిటీ వాళ్లది. లెటర్ ఇంగ్లిష్‌ల రాసిన, దాని భావం ఇక్కడ పెడుతున్న, మొహమాటం లేకుండ చెప్పుర్రి:

"గౌరవనీయులైన ఎడిటర్ గారికి, మీ ప్రతిష్ఠాత్మక జర్నల్‌లో ప్రచురణకు నా వ్యాసం పంపుతున్నాను. బతుకమ్మ తెలంగాణ సంస్కృతికి ప్రతీక. ప్రపంచీకరణ, రాజకీయాలు, మార్కెట్ ప్రభావంతో ఈ పండుగ వేగంగా మారుతోంది. దీనిపై ఇంతవరకు సమగ్ర అధ్యయనం జరగలేదు. ఈ వ్యాసం ఆ లోటును పూరిస్తుంది. మీ జర్నల్ ఆసియా సంస్కృతుల మీద పరిశోధనలు ప్రచురిస్తుంది కనుక ఈ వ్యాసం మీకు చక్కగా సరిపోతుంది."

మా గైడ్ సార్ బానే ఉంది పంపేయ్ అన్నడు. నాకే ఎందుకో దమ్ము లేనట్టు కొడుతుంది.

ఉద్యోగపర్వం
కవర్ లెటర్‌లో ముందు మీ ఎక్స్‌పీరియన్స్ రాయాలండి, నోటీస్ పీరియడ్ ఎంతో కూడా రాస్తే హెచ్ఆర్ వాళ్లు త్వరగా కాల్ చేస్తారు

తంగేడుపువ్వు
అన్నా ఇది జాబ్‌కు కాదు 😄 జర్నల్‌కు

ఉద్యోగపర్వం
ఓ సారీ. జర్నలిజంలో కూడా అంతే కదా

బద్ధకం_బాబు
అసలు ఎవరు చదువుతారు ఈ లెటర్లు? నేను నాలుగు పేపర్లు వేశా, అన్నిటికీ "ప్లీజ్ ఫైండ్ అటాచ్డ్" అని ఒక్క లైనే. అబ్‌స్ట్రాక్ట్ కాపీ కొట్టి పెట్టేయ్, పోయి పడుకో.

పాత_డెస్కు
నేను ఒక సోషల్ సైన్స్ జర్నల్‌లో కొన్నేళ్లు వచ్చిన సబ్మిషన్లు చూసే పని చేశాను కాబట్టి చెప్తున్నా, బద్ధకం గారు చెప్పింది సగం కరెక్టే. చాలామంది ఎడిటర్లు ముందు అబ్‌స్ట్రాక్టే చూస్తారు, కొన్ని జర్నల్స్ సైట్లలో లెటర్ తప్పనిసరి కూడా కాదు. కానీ అబ్‌స్ట్రాక్ట్ పాఠకుడి కోసం, లెటర్ ఎడిటర్ కోసం. ఎడిటర్ చేతిలో ఉన్న నిర్ణయం ఒకటే, దీన్ని రివ్యూకి పంపాలా, ఇక్కడే వెనక్కి ఇచ్చేయాలా అని. రివ్యూయర్లు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు, అందుకే అనుమానం వస్తే డెస్క్ దగ్గరే ఆపేస్తారు. ఆ అనుమానం తీర్చే చోటే ఇది.

ఇక మీ లెటర్. అందులో "బతుకమ్మ" తీసి "బోనాలు" పెట్టి చదవండి. తర్వాత "ఓనం" పెట్టండి. ఎక్కడా అతకకపోవడం జరగదు. అంటే అందులో మీ ఆర్టికల్ లేదు. మారుతోంది అన్నారు, ఏం మారిందో చెప్పలేదు. ఎడిటర్‌కి కావలసింది మీకేం దొరికింది అనేది. ఇక్కడ మామూలుగా మాట్లాడుతున్నట్టు చెప్పండి, ఊళ్లో ఏం చూశారు?

చిత్తూరు_సుబ్బు
"ఇంతవరకు అధ్యయనం జరగలేదు" అనే లైన్ ముందు తీసేయమ్మా. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన తిరుపతి గంగమ్మ జాతర మీద పేపర్ రాసి లెటర్‌లో ఇదే లైన్ పెట్నాడు. జాయిస్ ఫ్లూకిగర్ అనే ఆమె 2013లోనే గంగమ్మ మీద ఒక పుస్తకం మొత్తం రాసుండాది కదా. ఎడిటర్ రెండు లైన్ల మెయిల్‌తో తిప్పి కొట్నాడు, ఈ పుస్తకం చూశారా అని. ఆయనేమో ఆ పుస్తకం మారిన సంగతుల గురించి కాదు కదా అని మాతో వాదిస్తానే ఉన్నాడు ఇప్పటికీ.

పాత_డెస్కు
సుబ్బు గారి మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఎవరూ రాయలేదు అనేది నిజమైనా సరే అది కాంట్రిబ్యూషన్ కాదు, రాయాల్సినంత విషయం లేక రాయలేదేమో అని కూడా అనుకోవచ్చు ఎడిటర్. అబద్ధమైతే ఇక చెప్పేదేముంది.

తంగేడుపువ్వు
సరే చూసింది చెప్త, లాంగ్ పోస్ట్, ఓపిక పట్టుర్రి.

అందరు అనేది ఏందంటే డీజే వచ్చి పాట సచ్చిపోయింది అని. నేను గూడ అదే రాద్దామని పోయిన. ఆఖరి రోజు, సద్దుల నాడు చూస్తే నిజమే, పంచాయతోళ్లు స్కూల్ గ్రౌండ్‌ల లైట్లు పెడ్తరు, బాక్సులు పెడ్తరు, ఊరంత ఒకటే పెద్ద చుట్టు, రికార్డు పాట మీద తిరుగుడు. పెద్దమనుషులు చెప్పేది ఏందంటే ఎనుకట సద్దుల నాడు గూడ వాడవాడకు ఒక చుట్టు ఉండె, ఒక్కో చుట్టుకు పాట ఎత్తే ఆమె ఒకామె ఉండె, ఆమె ఎత్తితే మిగతోళ్లు ఉయ్యాలో అని అందుకునేటోళ్లు. ఇప్పుడు గ్రౌండ్‌ల ఆ పాట ఎత్తే ఆమెకు పనే లేదు, పక్కకు కుర్చీల కూసుంటది.

కని ఎంగిలిపూల నాటి సంది ముందు రోజులు చూస్తే వేరే ఉంది. అటుకుల బతుకమ్మ, ముద్దపప్పు, నానబియ్యం, గా రోజులల్ల ఎవ్వలు రారు, లీడర్లు రారు, కెమెరా రాదు, బాక్సులు రావు. గుడి ముంగట ఇరవై మంది ఆడోళ్లు చిన్న బతుకమ్మలు పెట్టుకుని పాడుతరు. గక్కడ అదే పాట ఎత్తే ఆమె ఉంటది. చిన్న పోరిలు ఆమె పాట ఫోన్‌ల రికార్డు చేసుకుని మల్ల తెల్లారి అందుకుంటరు. అంటే పాట పోలే, సద్దుల నుంచి ముందు రోజులల్లకు జరిగింది. ఒకటే పండుగ, కని రోజుకో తీరుగ మారింది. ఇది ఆర్టికల్ రెండో సగంల ఉంది.

పాత_డెస్కు
రెండో సగంలో ఉన్నదే లెటర్ మొదటి పేరాలోకి రావాలి. ఇది చాలా మంచి ఫైండింగ్.

ఎందుకో చెప్తా. పండగల మార్పు మీద రాసేవాళ్లు ఎక్కువగా పండగని ఒకే ముద్దగా తీసుకుంటారు. పోతోంది అంటారు, లేకపోతే కొత్తగా తయారు చేశారు అంటారు, హాబ్స్‌బామ్, రేంజర్ల 1983 పుస్తకం వచ్చాక ఈ రెండో వాదన మరీ తేలికైపోయింది. మీరు చెప్పేది ఈ రెండూ కాదు. తొమ్మిది రోజుల పండగలో ప్రభుత్వం, వేదిక, డీజే అన్నీ ఒక్క రోజు మీద పడితే మిగతా రోజులు పాతదాన్ని దాచుకునే చోటు అయ్యాయి అంటున్నారు. అంటే మార్పుని కొలవాల్సింది పండగ మొత్తానికి కాదు, రోజు రోజుకీ. ఈ మాట బతుకమ్మ తెలియని వాడికి కూడా పనికొస్తుంది, దుర్గాపూజ మీద పని చేసేవాడు, గణేశ్ ఉత్సవాల మీద పని చేసేవాడు కూడా తన డేటా మళ్లీ చూసుకుంటాడు. కాంట్రిబ్యూషన్ అంటే అదీ.

మూడు వాక్యాలు చాలు. ఇప్పటిదాకా ఎలా చూశారు, మీకు ఏం కనిపించింది, దాని వల్ల ఏం మార్చుకోవాలి.

బద్ధకం_బాబు
సరే ఇది ఒప్పుకుంటా, ఇది అబ్‌స్ట్రాక్ట్‌లో కూడా పెట్టొచ్చు కదా మరి 😏

పాత_డెస్కు
పెట్టాలి. రెండూ ఒకే మాట చెప్పకపోతే అదో గొడవ.

సిరిసిల్ల_మగ్గం
అక్కా ఒక డౌట్. అన్ని ఊర్లల్ల సద్దుల తొమ్మిదో రోజు గాదు, వేములవాడ దిక్కు ఏడో రోజే. మరి నీ "ముందు రోజులు" అనేది మా దిక్కు ఎట్ల పనికొస్తది? ఇంకోటి డీజేలు 2014 తర్వాతనే వచ్చినయా? వినాయక చవితికి అంతకుముందు సంది ఉన్నయి, గవే బాక్సులు బతుకమ్మకు వచ్చినయి. రాష్ట్ర పండుగ చేసుడు వల్లనే అయింది అని ఎట్ల చెప్తవు? 2017 సంది మా మగ్గాల మీద బతుకమ్మ చీరెలు నేసిర్రు, అది గూడ రాసినవా లేదా

తంగేడుపువ్వు
చీరెల మీద ఒక పేరా ఉంది తమ్మీ. ఏడు రోజుల ముచ్చట లేదు, నా ఊర్లు రెండు తొమ్మిది రోజులవే.

సిరిసిల్ల_మగ్గం
మరి తెలంగాణ అంతట ఇట్లనే అని రాయకు

పాత_డెస్కు
ఈ తమ్ముడు రివ్యూయర్ అయితే చాలామంది పని అయిపోతుంది, సీరియస్‌గా చెప్తున్నా. లెటర్‌లో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, ఆర్టికల్ మోయలేని మాట లెటర్ మోస్తుంది. ఆర్టికల్‌లో "ఈ రెండు ఊళ్లలో" అని జాగ్రత్తగా రాసి లెటర్‌లో "తెలంగాణలో పండగ ఎలా మారిందో చూపిస్తుంది" అని రాస్తారు. ఎడిటర్ లెటర్ చదివి ఆర్టికల్ తెరిచాక అది చిన్నదిగా కనిపిస్తుంది. 2014 సంగతి కూడా అంతే, "రాష్ట్ర పండగ కావడం వల్ల" అనకండి, "రాష్ట్ర పండగ అయ్యాక సద్దుల రోజు మీద వనరులు, వేదిక కేంద్రీకరించిన పరిస్థితిలో" అనండి. కారణం అనే మాట నిరూపించాలంటే 2014 ముందు డేటా కావాలి, మీ దగ్గర పెద్దవాళ్ల జ్ఞాపకాలు మాత్రమే ఉన్నాయి.

సిరిసిల్ల_మగ్గం
జ్ఞాపకాలను నమ్మొద్దంటరా

పాత_డెస్కు
నమ్మొద్దని కాదు. అవి జ్ఞాపకాలు అని చెప్పాలి అంటున్నా.

డల్లాస్_రమణమ్మ
మా దగ్గర అసలు ముందు రోజులే లేవు. హాల్ దొరికిన శనివారమే సద్దుల, ఒక్కటే రోజు. ఎంగిలిపూలు అంటే పిల్లలకి తెలియనే తెలియదు. నువ్వు చెప్పిన లెక్కన పాట దాక్కోవడానికి మాకు చోటే లేదన్నమాట. ఇది కూడా నీ ఆర్టికల్‌లో రాయి అమ్మా, ఇంటర్నేషనల్ జర్నల్ కదా, ఇంటర్నేషనల్‌గా ఉంటుంది.

తంగేడుపువ్వు
అమ్మా ఈ పాయింట్ మస్తుంది కని నేను అమెరికాల ఫీల్డ్‌వర్క్ చెయ్యలే కదా

పాత_డెస్కు
రమణమ్మ గారి ఉదాహరణ తర్వాతి పేపర్‌కి విత్తనం. ఈ లెటర్‌లోకి తెస్తే "ప్రవాసంలో కూడా" అని ఒక తోక తగులుతుంది, ఆర్టికల్‌లో దానికి ఆధారం ఉండదు.

పరిశోధక_పరంధామ్
ఫిట్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. అన్నిటికన్నా అదే ముఖ్యం. మీ లెటర్‌లో "ఆసియా సంస్కృతుల మీద ప్రచురిస్తుంది కనుక" అన్నారు, ఎడిటర్‌కి తన జర్నల్ ఏం ప్రచురిస్తుందో తెలుసు కదండీ. ప్రతిష్ఠాత్మక అని కూడా వద్దు. మా గైడ్ నేర్పిన టెక్నిక్ చెప్తా, ఆ జర్నల్‌లో వచ్చిన ఆర్టికల్స్ ఒక ఐదారు పేర్లు లెటర్‌లో పెట్టేయండి, మేం చదువుతాం అని తెలుస్తుంది, పని అయిపోతుంది.

పాత_డెస్కు
ఐదారు పేర్లు గుచ్చితే చదివినట్టు కాదు, సెర్చ్ చేసినట్టు తెలుస్తుంది. నేనైతే వెంటనే రిఫరెన్స్ లిస్టుకి వెళ్లేవాణ్ని. లెటర్‌లో మా జర్నల్ ఆర్టికల్స్ పొగిడి, రిఫరెన్సుల్లో ఒక్కటి కూడా లేకపోతే నవ్వొచ్చేది. ఒక్కటి చాలు, కానీ ఆర్టికల్ లోపల దానితో నిజంగా మాట్లాడి ఉండాలి, ఒప్పుకుంటూనో కాదంటూనో.

ఏషియన్ ఎత్నాలజీ విషయంలో ఇంకో సంగతి. 2007 వరకు దాని పేరు ఏషియన్ ఫోక్‌లోర్ స్టడీస్, 2008 నుంచి ఈ పేరు. పాటలు సేకరించి, అర్థం చెప్పి, భద్రపరచాలి అనే పద్ధతిలో మాత్రమే రాస్తే పాత పేరుకి సరిపోయే ఆర్టికల్ అవుతుందేమో. మీది పాట ఎక్కడికి జరిగింది, ఎవరు ఆ చోటు మార్చారు అనే ప్రశ్న, కాబట్టి ఇప్పటి పేరుకి దగ్గర. దీన్ని లెటర్‌లో రాయక్కర్లేదు, కానీ మీ వాక్యాలు దీన్ని బట్టి ఎంచుకోండి. పాటల సేకరణ గురించి ఒక్క ముక్క, చోటు మారడం గురించి మూడు ముక్కలు.

ఇంకొకటి, ఆ జర్నల్ చదివేవాళ్లలో జపాన్ మీద పనిచేసేవాళ్లు బాగా ఉంటారు. జపాన్‌లో 1950లో కల్చరల్ ప్రాపర్టీల చట్టం వచ్చింది, 1975 సవరణతో ఊరి ఉత్సవాలకి కూడా ప్రభుత్వ గుర్తింపు ఇచ్చే పద్ధతి పెట్టారు. గుర్తింపు వచ్చాక ఊరి పండగ ఏమవుతుంది అనే ప్రశ్న వాళ్లకి కొత్త కాదు. మీ ఆర్టికల్ ఆ ప్రశ్నకే తెలంగాణ నుంచి ఒక జవాబు. ఫిట్ అంటే ఇది, "మీ పాఠకులు ఇప్పటికే అడుగుతున్న ప్రశ్నకి నా దగ్గర ఒక కేసు ఉంది".

తంగేడుపువ్వు
సార్ నాకు జపాన్ గురించి ఏం తెల్వదు. లెటర్‌ల రాసి లోపల లేకపోతే మీరే నవ్వొస్తది అన్నరు కద

పాత_డెస్కు
అందుకే ముగింపు భాగంలో ఒక పేరా చేర్చండి, జపాన్ ఉత్సవాల మీద రెండు మంచి ఆర్టికల్స్ చదివి. వాళ్ల పాత సంచికలన్నీ సైట్‌లో ఫ్రీగానే ఉన్నాయి.

పరిశోధక_పరంధామ్
దీనికి నేను ఒప్పుకోను. ఒక జర్నల్ కోసం తెలియని దేశం గురించి పేరా అతికించడం ఏంటి? రేపు అక్కడ రిజెక్ట్ అయితే ఇంకో జర్నల్‌కి ఇంకో దేశం అతికిస్తుందా? అంతకంటే కాంట్రిబ్యూషన్స్ టు ఇండియన్ సోషియాలజీ అనే జర్నల్‌కి పంపొచ్చు, అక్కడ బతుకమ్మ గురించి అంత వివరించే పని కూడా ఉండదు.

పాత_డెస్కు
అతికించడమా, చదివి రాయడమా అనేది ఆమె చేతిలో ఉంది. కానీ రెండో మాట బాగుంది. దాన్ని 1957లో ద్యూమోన్, పోకాక్ మొదలుపెట్టారు, కులం, బంధుత్వం మీద దశాబ్దాల చర్చ ఉంది అక్కడ. దానికి పంపితే లెటర్ మొదటి పేరా మారుతుంది. తంగేడుపువ్వు గారూ, ఒకప్పుడు వాడవాడకీ వేరే చుట్లు ఉండేవన్నారు, ఇప్పుడు సద్దుల నాడు ఒకే చుట్టు అన్నారు. ఆ వాడలు కులం వాడలేనా?

తంగేడుపువ్వు
అవును సార్. ఆ సంగతి ఆర్టికల్‌ల ఉంది కని రెండు పేరాలే. గ్రౌండ్‌ల అందరు ఒకే చుట్టుల తిరుగుతరు, కొందరు పెద్దవాళ్లకు గదే నచ్చలే, ఎస్సీ వాడ ఆడోళ్లకు మాత్రం గదే నచ్చింది. "గుడి ముంగటికి మమ్ముల ఎప్పుడు పిలిచిర్రు, గ్రౌండ్ అయితే అందరిది" అని ఒకామె అన్నది.

సిరిసిల్ల_మగ్గం
అక్కా గిది అసలు ముచ్చట!! మరి డీజే వచ్చి చెడగొట్టిందంటే ఎవలికి చెడింది?

చిత్తూరు_సుబ్బు
ఇది రెండు పేరాల్లో పెట్టుకుని కూచుంటే ఎట్లమ్మా

పాత_డెస్కు
చూశారా, ఇప్పుడు మీ దగ్గర రెండు లెటర్లున్నాయి. ఒకదానిలో పాట ఏ రోజుకి జరిగింది అనేది ముందు, ఇంకోదానిలో ఏ చుట్టులో ఎవరికి చోటు ఉంది అనేది ముందు. రెండూ రాసి చూడండి. రెండో లెటర్ రాయాలంటే ఆర్టికల్ మళ్లీ రాయాలి, ఎందుకంటే రెండు పేరాల విషయాన్ని లెటర్‌లో ప్రధాన వాదనగా చెప్పకూడదు. ఒకేసారి రెండు చోట్లకి మాత్రం పంపకండి, "వేరే ఎక్కడా పరిశీలనలో లేదు" అని లెటర్‌లో సంతకం పెట్టాల్సింది మీరే.

బద్ధకం_బాబు
మా బ్యాచ్‌లో అందరూ మూడు చోట్ల వేస్తారు, ఎవరు ముందు ఒప్పుకుంటే వాళ్లకి

పాత_డెస్కు
ఒకే రివ్యూయర్‌కి రెండు జర్నల్స్ నుంచి అదే ఆర్టికల్ వెళ్లడం నేను చూశాను. సబ్జెక్ట్ చిన్నది, తెలుగు పండగల మీద రాసేవాళ్లు ఎంతమందని.

కేర్_లిస్ట్
యూజీసీ కేర్ లిస్ట్‌లో ఉందా ఈ జర్నల్? ప్రమోషన్‌కి లెక్కలోకి వస్తుందా?

పరిశోధక_పరంధామ్
కేర్ లిస్టునే 2025లో ఆపేశారు బాబూ. ఇప్పుడు మీ యూనివర్సిటీ ఏం రూల్ పెట్టిందో కనుక్కో.

తంగేడుపువ్వు
రాత్రి కూసుని మల్ల రాసిన. ప్రస్తుతానికి ఏషియన్ ఎత్నాలజీకే, రోజుల వాదనతోనే. చూడుర్రి:

"ఎడిటర్ గారికి, బతుకమ్మ తెలంగాణలో స్త్రీలు పూలు పేర్చి, చుట్టూ తిరుగుతూ పాడే తొమ్మిది రోజుల పండుగ. 2014లో దానికి రాష్ట్ర పండుగ గుర్తింపు వచ్చింది. ఇలాంటి గుర్తింపు ఊరి పండుగను ఏం చేస్తుందనే ప్రశ్నకు పరిశోధకులు సాధారణంగా పండుగ మొత్తాన్ని ఒక్కటిగా తీసుకుని జవాబు చెబుతారు. జనగామ ప్రాంతంలోని రెండు ఊళ్లలో పండుగ రోజుల్లో చేసిన పరిశీలన, పాట ఎత్తే స్త్రీలతో ఇంటర్వ్యూల ఆధారంగా, మార్పు రోజు రోజుకూ వేరుగా ఉందని ఈ వ్యాసం చూపిస్తుంది. చివరి రోజు వేదిక, రికార్డు పాట వచ్చాయి. సామూహికంగా పాట ఎత్తి అందుకునే పద్ధతి ఎవరూ పట్టించుకోని ముందు రోజుల్లోకి జరిగింది. పండుగ మార్పును అధ్యయనం చేసేటప్పుడు పండుగను కాక దానిలోని ఒక్కో రోజును ప్రమాణంగా తీసుకోవాలని వ్యాసం వాదిస్తుంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన ఉత్సవాలపై మీ జర్నల్‌లో జరుగుతున్న చర్చకు ఇది దక్షిణ భారతం నుంచి ఒక కేసును చేరుస్తుంది. ముగింపులో ఆ చర్చతో నేరుగా మాట్లాడాను."

జపాన్ పేరా రాస్తున్న ఇంక, చదువుడు నడుస్తుంది.

సిరిసిల్ల_మగ్గం
ఇప్పుడు బోనాలు పెడితే అతకది 👌

పాత_డెస్కు
బాగా వచ్చింది. అలిగిన బతుకమ్మ ఒక రోజు ఆడరు కదా, రోజు రోజుకీ అంటున్నప్పుడు ఆరో రోజు ఏమవుతుందని రివ్యూయర్ అడుగుతాడు, లెటర్‌లో వద్దు, ఆర్టికల్‌లో ఒక వాక్యం చూసుకోండి. "ఎవరూ పట్టించుకోని" అనేది "అధికారిక కార్యక్రమాలు లేని" అని మార్చండి. ఆ ఇరవై మంది పట్టించుకుంటున్నారు కదా.

కింద ఇంకో చిన్న పేరా కావాలి. పీహెచ్‌డీ థీసిస్‌లో భాగమా ఇది?

తంగేడుపువ్వు
అవును, మూడో చాప్టర్‌ల కొంత. థీసిస్‌లు పెట్టే శోధ్‌గంగ సైట్‌ల పడుతది డిగ్రీ వచ్చినంక.

పాత_డెస్కు
అది చెప్పేయండి, "థీసిస్‌లోని ఒక అధ్యాయాన్ని విస్తరించి రాసింది" అని. చాలా జర్నల్స్‌కి అభ్యంతరం ఉండదు, కానీ ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌లో శోధ్‌గంగ తగిలి పర్సెంటేజీ కనిపించాక చెప్తే సంజాయిషీలా ఉంటుంది. లెటర్‌లో మీ పేరు, యూనివర్సిటీ ఉండొచ్చు, మామూలుగా అది రివ్యూయర్లకి వెళ్లదు. ఆర్టికల్ ఫైల్‌లో మాత్రం పేరు తీసేయండి, ఫైల్ ప్రాపర్టీస్‌లో కూడా.

పరిశోధక_పరంధామ్
ఫోటోల పర్మిషన్ కూడా. పాట ఎత్తే ఆమె ఫోటో ఉంటే ఆమె ఒప్పుకుందని ఒక లైన్.

తంగేడుపువ్వు
మాటతోని ఒప్పుకున్నది, సంతకం లేదు. ఆమెకు సంతకం రాదు, వేలిముద్ర అడిగితే "భూమి రాయించుకుంటున్నవా బిడ్డా" అన్నది 😂

పాత_డెస్కు
నోటి మాటగా రికార్డు చేసుకున్న అంగీకారం చాలాచోట్ల సరిపోతుంది. అలాగే రాయండి, నోటిమాట అంగీకారం అని. అనుమానంగా ఉంటే పంపే ముందే ఎడిటర్‌కి మెయిల్ పెట్టి అడగండి.

సిరిసిల్ల_మగ్గం
అక్కా గ్రౌండ్ అందరిది అన్నామె ముచ్చట మాత్రం వేరే ఆర్టికల్‌గ రాయాలె. దీంట్ల రెండు పేరాలల్ల పెట్టి ఖతం చెయ్యకు

పరిశోధక_పరంధామ్
దీంట్లోంచి తీసేస్తే ఈ ఆర్టికల్ ఏడుపు ఆర్టికల్ అయిపోతుంది, పాట పోయింది పాట పోయింది అని. ఉంచాలి.

తంగేడుపువ్వు
ఉంచుతున్న. లెటర్‌ల పెట్టాల్నా వద్దా అనేది ఇంక తేల్చుకోలే.

పాత_డెస్కు
నేను వద్దనే అంటా. కానీ అది లేకపోతే ఏడుపు ఆర్టికల్ అవుతుందన్న పరంధామ్ గారి మాట కూడా కొట్టిపారేయలేం. లెటర్ ఒక పేజీ దాటకుండా ఉంటే అర వాక్యం పట్టొచ్చు.

ఉద్యోగపర్వం
మరి సాలరీ ఎంతిస్తారు ఈ జర్నల్ వాళ్లు?

బద్ధకం_బాబు
ఫీజు అడగకపోతే అదే బోనస్ అన్నా